ఓనర్ ఇచ్చిన ఎన్‌ఓసీ చదివి తప్పులు చెప్పండి, జీఎస్టీ కోసం (మహబూబ్‌నగర్)

పద్మజ_పాలమూరు · 4 ఆగస్టు 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను మెట్టుగడ్డ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో కిరాయికి ఉంటున్నాను. నారాయణపేట, గద్వాల చీరలు నేసేవాళ్ల దగ్గర తీసుకొని ఆన్‌లైన్‌లో అమ్ముదామని మొదలుపెట్టాను. వేరే రాష్ట్రాల నుంచి ఆర్డర్లు వస్తున్నాయి కాబట్టి జీఎస్టీ నంబర్ తీసుకోవాలి. ఫ్లాట్‌లో ఒక గదిలో చీరలు పెట్టుకుంటాను, అక్కడే ప్యాకింగ్. ఇంటికి కొనేవాళ్లు ఎవరూ రారు.

కిరాయి అగ్రిమెంట్ ఉంది. 2025 జూన్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు, 11 నెలలు. కానీ అందులో "నివాసమునకు మాత్రమే" అని రాసి ఉంది. అందుకే ఓనర్‌ను ఎన్‌ఓసీ అడిగాను. ఓనర్ కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, ఆయనే డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించి పంపాడు. ఇంకా సంతకం పెట్టలేదు. సంతకానికి ముందు తప్పులు ఉంటే చెప్పమన్నాడు, మంచి మనిషి. ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా, ఓనర్ పేరు మాత్రం తీసేశాను.

> నేను, కె. ______, పై ఫ్లాట్ యజమానిని. సదరు ఫ్లాట్‌ను శ్రీమతి పద్మజ గారికి కిరాయికి ఇచ్చి ఉన్నాను. వారు సదరు ఫ్లాట్‌లో నివసించుటకు మరియు వారి పనుల నిమిత్తం ఉపయోగించుకొనుటకు నాకు ఎలాంటి అభ్యంతరం కలదు. ఈ పత్రం తేదీ నుండి 3 నెలల వరకు చెల్లును. ఫ్లాట్‌కు ఎలాంటి బోర్డులు పెట్టరాదు.

అపార్ట్‌మెంట్ సొసైటీ వాళ్లు కూడా ఒక లెటర్ ఇచ్చారు. అది రేపు పెడతాను. దయచేసి చూడండి.

మిర్యాల_శీను · 4 ఆగస్టు, రాత్రి 10:05

అక్కా, ఎన్‌ఓసీ రాగానే ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు తీయించుకోవాలి, మర్చిపోకండి. నేను బండి లోన్ కట్టేసి ఎన్‌ఓసీ బీరువాలో పెట్టి మర్చిపోయా. ఏడాది తర్వాత ఆర్‌టీఏ ఆఫీసుకు పోతే డేటు దాటింది, కొత్తది తెమ్మన్నారు. మళ్లీ ఫైనాన్స్ ఆఫీసు చుట్టూ తిరిగా.

పద్మజ_పాలమూరు · 4 ఆగస్టు, రాత్రి 10:11

శీను తమ్ముడూ, నాది బండి లోన్ కాదు, ఇంటి ఓనర్ ఇచ్చేది. కానీ మీరు చెప్పిన డేటు సంగతి నాకూ టెన్షన్‌గానే ఉంది. 3 నెలలు అని రాశాడు కదా, ఆ తర్వాత ఏం చేయాలి?

రామగిరి_రమేష్ · 4 ఆగస్టు, రాత్రి 10:30

మేడమ్, మ్యాటర్ ఏది రాసినా, 100 రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించకపోతే చెల్లదు. నేను నల్గొండలో షట్టర్ కిరాయికి తీసుకున్నప్పుడు అట్లనే చేయించా, వారం రోజుల్లో నంబర్ వచ్చింది. ముందు స్టాంపు పేపరు తీసుకోండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో మాట, "అభ్యంతరం కలదు" అని ఉంది చూశారా? కలదు కాదు, లేదు.

పద్మజ_పాలమూరు · 4 ఆగస్టు, రాత్రి 10:34

అయ్యో! నాలుగుసార్లు చదివాను అన్నా, ఒక్కసారి కూడా కంటికి కనపడలేదు.

లెక్కల_సత్తయ్య · 5 ఆగస్టు, ఉదయం 6:50

పద్మజమ్మా, ఆ "కలదు" నాకు చాలాసార్లు తగిలింది. డీటీపీ సెంటర్‌లో పాత ఫైలు తెరిచి పేర్లు మారుస్తారు. "యజమాన్యపు హక్కు కలదు" అని ఉన్న వాక్యం కిందే ఇది ఉంటుంది, చెయ్యి అలవాటుగా అదే కొట్టేస్తుంది. మనం కూడా "ఎలాంటి అభ్యంతరం" వరకు చదివి, "లేదు" అనేది మనసులోనే కలిపేసుకుంటాం. అందుకే ఎన్‌ఓసీని ఎప్పుడూ వాక్యం చివరి నుంచి చదవాలి. ముందు క్రియ ఏముందో చూడు, తర్వాత ముందుకు పో.

నేను నల్గొండలో 17 ఏళ్లుగా ట్యాక్స్ పనులు చూస్తున్నాను. నీ పత్రంలో "కలదు" కాకుండా ఇంకా మూడు పెద్ద సంగతులున్నాయి. చెప్పేముందు నాకు రెండు విషయాలు కావాలి. కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉంది? కిరాయి అగ్రిమెంట్ మీద ఓనర్‌గా ఎవరు సంతకం పెట్టారు?

పద్మజ_పాలమూరు · 5 ఆగస్టు, ఉదయం 8:15

సత్తయ్య గారూ, నమస్తే. కరెంటు బిల్లు వాళ్ల అమ్మ పేరు మీద ఉంది. ఇంటి పన్ను రసీదు కూడా ఆమె పేరే. అగ్రిమెంట్ మీద కూడా ఆమే సంతకం పెట్టింది. కిరాయి మాత్రం కొడుక్కే ఫోన్‌పే చేస్తాను, అందుకే ఆయన తన పేరుతో టైప్ చేయించాడేమో.

లెక్కల_సత్తయ్య · 5 ఆగస్టు, ఉదయం 9:30

అదే మొదటి సంగతి. కిరాయి ఎవరికి పోతుందనేది ఆఫీసర్‌కు అవసరం లేదు. ఆయన ముందు నాలుగు కాగితాలుంటాయి: అగ్రిమెంట్, కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు, ఎన్‌ఓసీ, ఓనర్ ఆధార్. మూడింటి మీద తల్లి పేరు ఉండి ఎన్‌ఓసీ మీద "నేను యజమానిని" అని కొడుకు పేరు ఉంటే, ఆ మాటే తప్పు. సంతకం తల్లిదే ఉండాలి. ఆమె తెలుగులో సంతకం పెట్టినా పర్వాలేదు, అగ్రిమెంట్ మీద ఎలా పెట్టిందో అలాగే పెట్టాలి. కొడుకును సాక్షిగా పెట్టుకో.

ఇక పేరు అక్షరాలు. పత్రం తెలుగులో రాసుకోవచ్చు, కానీ ఓనర్ పేరు, నీ పేరు పక్కన ఇంగ్లిషు అక్షరాల్లో కూడా రాయించు. ఎందుకంటే పోలిక చూసేది ఆ అక్షరాలతోనే. ఆమె పేరులో లక్ష్మి ఉందనుకో, కరెంటు బిల్లులో ఎక్స్‌తో ఉంటుంది, ఆధార్‌లో కె, ఎస్, హెచ్‌తో ఉంటుంది. మన దగ్గర ఇది ప్రతి రెండో ఇంట్లో ఉండే సమస్య. బిల్లులో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. దీన్ని సరిచేయడానికి కరెంటు ఆఫీసు చుట్టూ తిరగనవసరం లేదు. ఎన్‌ఓసీలో ఆధార్‌లో ఉన్నట్టు రాసి, కింద ఒక్క వాక్యం చేర్చు: "కరెంటు బిల్లులో ఫలానా అని ఉన్న పేరు నాదే." ఆ బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబర్ కూడా ఆ వాక్యంలోనే రాస్తే, ఏ బిల్లు గురించి మాట్లాడుతున్నామో తేలిపోతుంది.

నీ పేరు కూడా చూసుకో. జీఎస్టీ దరఖాస్తులో నీ పేరు పాన్ నుంచి వస్తుంది, నువ్వు కొట్టేది కాదు. ఎన్‌ఓసీలో ఒట్టి "శ్రీమతి పద్మజ" అని ఉంది. పాన్ మీద ఇంటిపేరుతో ఎలా ఉందో అలా ఉండాలి. నువ్వు పెట్టుకునే వ్యాపారం పేరు తర్వాత రావాలి, నీ పేరు స్థానంలో కాదు.

వనపర్తి_కవిత · 5 ఆగస్టు, ఉదయం 10:20

సత్తయ్య గారు చెప్పిన పేరు సంగతి మాకు బాగా అనుభవమైంది. మేం సొంత ఇంట్లోనే కారం, పసుపు పట్టించి ప్యాకెట్లు చేసి అమ్మాలనుకున్నాం. కరెంటు బిల్లు మా మామగారి పేరు మీద, ఆయన చనిపోయి ఆరేళ్లు. మా ఆయన "నేను యజమానిని" అని ఎన్‌ఓసీ రాసి నాకు ఇచ్చాడు. REG-03 నోటీసు వచ్చింది. బిల్లులో ఉన్న మనిషికి, సంతకం పెట్టిన మనిషికి ఏం సంబంధం అని అడిగారు. జవాబుకు 7 పనిదినాలే ఉంటాయి. ఆ ఏడు రోజుల్లో నాకు అన్నం సహించలేదు.

మాకు ఇంటి పన్ను అప్పటికే మున్సిపాలిటీలో ముగ్గురు అన్నదమ్ముల పేర్లకు మార్చి ఉంది. అది పెట్టి, ముగ్గురితో సంతకాలు చేయించి, మామగారి మరణ ధ్రువపత్రం జత చేసి పంపాం. అప్పుడు అయింది. ఎన్‌ఓసీలో ముందే "మేము ముగ్గురం" అని రాసి ఉంటే ఆ నోటీసే వచ్చేది కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

రామగిరి_రమేష్ · 5 ఆగస్టు, ఉదయం 11:02

సత్తయ్య అన్నా, స్టాంపు పేపరు గురించి మీరేం చెప్పలేదు. నోటరీ వద్దంటారా?

లెక్కల_సత్తయ్య · 5 ఆగస్టు, మధ్యాహ్నం 1:15

వద్దనను రమేష్. కానీ "చెల్లదు" అనే మాట సరికాదు. 2025 ఏప్రిల్ 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఒక సూచన ఇచ్చింది, నంబర్ 03/2025. అందులో భార్యాభర్తలో, బంధువులో ఇచ్చే సమ్మతి పత్రం తెల్ల కాగితం మీద ఉన్నా చాలు, ఇచ్చినవాళ్ల గుర్తింపు కార్డు, ఇంటి కాగితం జత చేయాలి అని చెప్పారు. కిరాయి అయితే అసలు కాగితం అగ్రిమెంటే. అది రిజిస్టర్ అయి ఉంటే ఓనర్ ఆధార్ అడగకూడదు, రిజిస్టర్ కాకపోతే ఓనర్ గుర్తింపు కార్డు పెట్టాలి. పద్మజది 11 నెలల అగ్రిమెంట్. అది రిజిస్టర్ కాదు కాబట్టి ఆమె ఓనర్ ఆధార్ పెట్టాలి.

అయితే ఆ సూచన కేంద్ర అధికారులకు ఇచ్చింది. దరఖాస్తు రాష్ట్ర వాణిజ్య పన్నుల ఆఫీసర్ దగ్గరికి కూడా పోవచ్చు. నీకు నోటరీతో పని అయిందంటే, ఆ ఆఫీసర్‌కు అది నచ్చింది. ఎన్‌ఓసీ నోటరీ చేయిస్తే నష్టం లేదు, ఇంకో 100 ఖర్చు. కానీ స్టాంపు పేపరు మీద తప్పు పేరు రాయిస్తే, ఆ తప్పు స్టాంపుతో సహా తప్పుగానే ఉంటుంది. ముందు పేర్లు, తర్వాత స్టాంపు.

రామగిరి_రమేష్ · 5 ఆగస్టు, మధ్యాహ్నం 1:40

ఇది ఒప్పుకుంటా అన్నా. నేను తలకిందులుగా చెప్పాను. తెల్ల కాగితం చాలని నాకు నిజంగా తెలియదు.

లెక్కల_సత్తయ్య · 5 ఆగస్టు, మధ్యాహ్నం 2:05

రెండో సంగతి, ఎందుకోసం అనే మాట. "వారి పనుల నిమిత్తం" అంటే ఏ పని? ఇల్లు ఊడ్చుకోవడమూ పనే. అగ్రిమెంట్‌లో "నివాసమునకు మాత్రమే" అని గట్టిగా ఉంది. దాని పక్కన మెత్తటి మాట పెడితే గట్టి మాటే నిలుస్తుంది. ఆఫీసర్ రెండూ పక్కపక్కన పెట్టి, "ఓనర్ నివాసానికే ఇచ్చాడు కదా" అంటాడు.

కాబట్టి ఎన్‌ఓసీ ఆ అగ్రిమెంట్‌ను పేరు పెట్టి పిలవాలి. 2025 జూన్ 1 నాటి కిరాయి ఒప్పందంలో నివాసానికి మాత్రమే అని రాసుకున్నాం, దానికి అదనంగా ఇప్పుడు ఫలానా పనికి ఒప్పుకుంటున్నాను, అని ఓనర్ చెప్పాలి. ఫలానా పని ఏంటో కూడా చెప్పాలి: చీరల ఆన్‌లైన్ అమ్మకం, నిల్వ, ప్యాకింగ్, ఈ చిరునామాను వ్యాపారపు ప్రధాన స్థలంగా చూపి జీఎస్టీ నమోదు పొందడం. "ఏ వ్యాపారానికైనా" అని రాయించుకోకు. అది ఓనర్‌కు భయం, నీకూ లాభం లేదు. దరఖాస్తులో నువ్వు వస్తువులు చీరలని రాస్తావు, ఎన్‌ఓసీ కూడా చీరలనే చెబితే రెండూ ఒకటే మాట మాట్లాడతాయి.

పోర్టల్‌లో స్థలం ఏ రకం అని అడిగే చోట Rented ఎంచుకో. ఎన్‌ఓసీ చేతిలో ఉంది కదా అని Consent ఎంచుకుంటే, కింద కిరాయి అగ్రిమెంట్ పెట్టినప్పుడు పొంతన కుదరదు. అగ్రిమెంట్ వెనకాలే ఎన్‌ఓసీ స్కాన్ చేసి ఒకే ఫైలుగా పెట్టడం నేను చేసే పద్ధతి.

జడ్చర్ల_ఓనర్ · 5 ఆగస్టు, సాయంత్రం 5:30

ఓనర్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పనివ్వండి. నాకు రెండు పోర్షన్లు ఉన్నాయి. కిరాయికి ఉన్నవాళ్లు ఎన్‌ఓసీ అడిగితే నాకు రెండు భయాలు. ఒకటి, జీఎస్టీ వాళ్ల పేరు మీద ఈ ఇంటికి వచ్చాక, రేపు ఖాళీ చేయమంటే "మా వ్యాపారం ఇక్కడే ఉంది" అంటారేమో. రెండు, కరెంటు వాళ్లు కమర్షియల్ మీటరు పెడతారేమో. పైకి చెప్పకపోయినా ప్రతి ఓనర్‌కూ ఈ రెండే ఉంటాయి. వాళ్ల అమ్మగారికి కూడా ఉండొచ్చు.

లెక్కల_సత్తయ్య · 5 ఆగస్టు, సాయంత్రం 6:10

మంచి మాట చెప్పారు. మొదటి భయానికి ఒక వాక్యం చాలు: "ఈ పత్రం వల్ల ఫ్లాట్ మీద కిరాయిదారుకు ఎలాంటి హక్కు గానీ వాటా గానీ కలగదు." ఇది పద్మజకు అడ్డం కాదు, ఓనర్‌కు నిద్ర పడుతుంది. నేను రాసే ప్రతిదాంట్లో పెడతాను.

కరెంటు సంగతి వేరు. జీఎస్టీ నంబర్ తీసుకున్నంత మాత్రాన కేటగిరీ దానంతట అది మారదు. కానీ కరెంటు డిపార్ట్‌మెంట్ చూసేది ఇంట్లో జరిగే వాడకాన్ని. మా క్లయింట్లలో ఇంట్లో గది వాడుకొని పని చేసేవాళ్లలో చాలామందికి మార్చలేదు.

వనపర్తి_కవిత · 5 ఆగస్టు, సాయంత్రం 6:25

మాకు మార్చారు సార్. లైన్‌మన్ వచ్చి పసుపు పట్టే మిల్లు చూసి రాసుకొని పోయాడు. మాది మిషన్ కాబట్టేమో.

జడ్చర్ల_ఓనర్ · 5 ఆగస్టు, సాయంత్రం 6:40

అందుకే నేను "కేటగిరీ మారితే తేడా కిరాయిదారే కట్టుకోవాలి" అని రాయించుకుంటా. అది అగ్రిమెంట్‌లో పెట్టాలా, ఎన్‌ఓసీలో పెట్టాలా అనేది ఇప్పటికీ నాకు తేలలేదు.

పద్మజ_పాలమూరు · 5 ఆగస్టు, రాత్రి 8:50

కేటగిరీ మారితే నేను కట్టుకుంటా, అందులో ఇబ్బంది లేదు. ఇది ఇద్దరం మాట్లాడుకుంటాం. సత్తయ్య గారూ, మూడో సంగతి చెప్పలేదు మీరు. ఆ 3 నెలలేనా?

లెక్కల_సత్తయ్య · 5 ఆగస్టు, రాత్రి 9:25

అదేనమ్మా. "ఈ పత్రం తేదీ నుండి 3 నెలల వరకు చెల్లును." ఈ ఒక్క వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఆ అబ్బాయి మనసులో ఉన్నది బహుశా ఇదీ: ఈ కాగితాన్ని 3 నెలల్లో ఆఫీసులో ఇచ్చేసుకోవాలి, తర్వాత ఇస్తే ఒప్పుకోను. శీను చెప్పిన బండి ఎన్‌ఓసీలో డేటు అలాంటిదే. కానీ ఆఫీసర్ చదివితే ఏమనిపిస్తుంది? ఓనర్ 3 నెలలే వ్యాపారం చేసుకోనిస్తున్నాడు, నాలుగో నెల నుంచి ఈ చిరునామాలో ఈమె ఉండదు. అలా అనుకుంటే నోటీసు పంపడంలో ఆయన తప్పు లేదు.

కాగితం ఎన్నాళ్లు, అనుమతి ఎన్నాళ్లు, ఈ రెండూ వేరు. నీకు కావలసింది అనుమతి ఎన్నాళ్లు అనేది. దాన్ని అగ్రిమెంట్‌తో కట్టేయాలి: "2026 ఏప్రిల్ 30 వరకు, ఆ తర్వాత ఒప్పందం పొడిగిస్తే ఆ కాలానికి కూడా." ఈ చివరి ముక్క లేకపోతే ప్రతి 11 నెలలకూ కొత్త ఎన్‌ఓసీ కోసం హైదరాబాద్‌కు ఫోన్ చేయాలి. "శాశ్వతంగా" అని మాత్రం అడగకు, ఏ ఓనర్ ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా.

ఒకవేళ ఓనర్ మధ్యలో అనుమతి వెనక్కి తీసుకోవాలనుకుంటే? ఆ హక్కు వాళ్లకు ఉండాలి. కానీ ముందుగా చెప్పే గడువు నువ్వు అడుగు. ప్రధాన స్థలం మారితే 15 రోజుల్లో జీఎస్టీలో మార్పు దరఖాస్తు పెట్టాలి, కొత్త ఇంటికి మళ్లీ అగ్రిమెంటు, ఎన్‌ఓసీ కావాలి. అందుకే 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి అని పెట్టించుకుంటే నీకు ఊపిరి ఆడుతుంది.

ఇంకొకటి, ఎన్‌ఓసీ మీద తేదీ. సంతకం పెట్టిన రోజే రాయాలి. జూన్ 1 అని వెనక్కి వేయించుకోవద్దు. దరఖాస్తులో వ్యాపారం మొదలైన తేదీ కూడా దీనికి ముందు పడకుండా చూసుకో. ఓనర్ ఒప్పుకోకముందే అక్కడ వ్యాపారం ఎలా మొదలైంది అనే ప్రశ్నకు చోటివ్వొద్దు.

పద్మజ_పాలమూరు · 5 ఆగస్టు, రాత్రి 9:50

నేను దరఖాస్తులో జూలై 1 అని పెడదామనుకున్నాను! మొదటి ఆర్డర్ ఆ నెలలోనే పంపాను. ఇప్పుడు ఏం చేయాలి?

లెక్కల_సత్తయ్య · 5 ఆగస్టు, రాత్రి 10:15

ఆర్డర్ పంపింది నిజమైతే ఆ నిజాన్ని మార్చొద్దు. అది ఎన్‌ఓసీ అక్షరాల సమస్య కాదు, నీ లెక్కల సమస్య. ఏ రాష్ట్రానికి పంపావు, ఎంతకు అమ్మావు అనేది చూసి చెప్పాలి. అది ఇక్కడ రాయకు, మీ ఊళ్లో ఒక అకౌంటెంట్‌కు కాగితాలు చూపించు.

పద్మజ_పాలమూరు · 6 ఆగస్టు, ఉదయం 7:30

సరే సార్, ఈ రోజే వెళ్తాను. ఇది సొసైటీ వాళ్లు ఇచ్చిన లెటర్:

> మా అపార్ట్‌మెంట్‌లోని ఫ్లాట్ నం. 403 యజమాని శ్రీమతి పద్మజ గారు తమ ఫ్లాట్‌లో వ్యాపారం నిర్వహించుకొనుటకు మా సంఘానికి అభ్యంతరం లేదు.

కింద అధ్యక్షుడు అని ముద్ర ఉంది, సంతకం కోశాధికారిది. నాది 304. నేను యజమానిని కూడా కాదు.

సూర్యాపేట_కార్యదర్శి · 6 ఆగస్టు, ఉదయం 9:10

నేను మా అపార్ట్‌మెంట్ సంఘంలో నాలుగేళ్లుగా కార్యదర్శిని. ఈ లెటర్ చూస్తే నాకు బాధగా ఉంది, ఎందుకంటే మేమూ ఇలాంటివే ఇచ్చాం. 403 అని రాసిన లెటర్ రేపు 403 వాళ్ల చేతికి దొరికితే, వాళ్ల ఫ్లాట్‌లో వ్యాపారానికి సంఘం ఒప్పుకున్నట్టే.

సంఘం వైపు నుంచి "వ్యాపారం నిర్వహించుకొనుటకు" అని రాయడం పెద్ద తప్పు. మా దగ్గర అలా ఇచ్చాక ఒకాయన ఇంట్లో ట్యూషన్లు పెట్టాడు, సాయంత్రం పార్కింగ్‌లో 20 సైకిళ్లు. సంఘం ఇవ్వాల్సింది అనుమతి కాదు. కార్యాలయ చిరునామాగా వాడుకోవడానికి, నిల్వ, ప్యాకింగ్‌కు అభ్యంతరం లేదు, కొనేవాళ్లు లోపలికి రాకూడదు, మెట్ల మీద, కారిడార్‌లో సరుకు పెట్టకూడదు, అంతే. ఫ్లాట్ యజమాని ఫలానా, కిరాయిదారు ఫలానా అని ఇద్దరి పేర్లూ ఉండాలి.

సంతకం సంగతి: మా నిబంధనల్లో ఉత్తరాల మీద కార్యదర్శి సంతకం పెట్టాలని ఉంది. మీ సంఘం నిబంధనల్లో ఎవరో చూడండి. ముద్ర ఒకరిది, సంతకం ఇంకొకరిది అయితే "అధ్యక్షుని తరఫున" అని రాసినా అనుమానమే. లెటర్‌హెడ్ మీద సంఘం రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉండాలి.

రామగిరి_రమేష్ · 6 ఆగస్టు, ఉదయం 9:45

అసలు జీఎస్టీకి సొసైటీ లెటర్ అడుగుతారా? నా షట్టర్‌కు అడగలేదు.

లెక్కల_సత్తయ్య · 6 ఆగస్టు, ఉదయం 10:20

షట్టర్‌కు సంఘం ఉండదు కదా. అపార్ట్‌మెంట్ అయినా, అడగాల్సిన కాగితాల వరుసలో సంఘం లెటర్ లేదు. నేను అడక్కుండా పెట్టను. ఎక్కువ కాగితం పెడితే ఎక్కువ పేర్లు, ఎక్కువ పొంతన చూడాల్సి వస్తుంది.

సూర్యాపేట_కార్యదర్శి · 6 ఆగస్టు, ఉదయం 10:40

నేను ఒప్పుకోను సార్. ఆఫీసర్ స్థలం చూడడానికి వస్తే వాచ్‌మన్‌ను అడుగుతాడు. వాచ్‌మన్ "ఇక్కడ వ్యాపారం లేదు" అంటే అక్కడితో అయిపోయింది. ముందే లెటర్ ఉంటే సంఘానికీ తెలుసు, వాచ్‌మన్‌కూ తెలుసు.

లెక్కల_సత్తయ్య · 6 ఆగస్టు, ఉదయం 10:55

లెటర్ తీసుకోమనే అంటాను, దరఖాస్తుతో పాటు ఎక్కించాలా అనేదే నా ప్రశ్న. ఇంట్లో పెట్టుకొని అడిగితే చూపించమని నా ఉద్దేశం. ఇందులో మీ అనుభవం వేరు, నాది వేరు.

బోర్డు మాట మర్చిపోయాను. ఓనర్ "ఎలాంటి బోర్డులు పెట్టరాదు" అని రాశాడు. నమోదు అయ్యాక ధ్రువపత్రం కనపడే చోట పెట్టాలి, ప్రవేశం దగ్గర పేరు బోర్డు మీద జీఎస్టీ నంబర్ ఉండాలి అని నిబంధనే ఉంది. ఓనర్ వద్దన్న కాగితం నీ చేతులతో నువ్వే ఎక్కిస్తే, నిబంధన పాటించనని ముందే చెప్పినట్టు. "ఫ్లాట్ తలుపు పక్కన ఒక చిన్న పేరు బోర్డు తప్ప, బయటి గోడకు, గేటుకు బోర్డులు పెట్టరాదు" అని మార్పించు. ఆయనకు కావలసిందీ అదే అయ్యుంటుంది.

పద్మజ_పాలమూరు · 7 ఆగస్టు, రాత్రి 9:15

కొడుకుతో ఫోన్‌లో అరగంట మాట్లాడాను. బోర్డు సంగతి ఆయనకు గేటు మీద ఫ్లెక్సీ గురించేనట, తలుపు దగ్గర పెట్టుకోమన్నాడు. 3 నెలలు కూడా డీటీపీ అబ్బాయి పాత ఫైలులో ఉన్నదేనట. వాళ్ల అమ్మగారే ఈ ఆదివారం సంతకం పెడతారు. అందరూ చెప్పినవి కలిపి మళ్లీ రాశాను:

> నేను, ______ (ఆధార్‌లో ఉన్నట్టు, ఇంగ్లిషు అక్షరాల్లో కూడా), ఫ్లాట్ నం. 304 యజమానురాలిని. యూఎస్‌సీ నంబర్ ______ గల కరెంటు బిల్లులో ______ అని ఉన్న పేరు నాదే. 2025 జూన్ 1 నాటి ఒప్పందం ప్రకారం ఈ ఫ్లాట్‌ను శ్రీమతి ______ (పాన్‌లో ఉన్నట్టు) గారికి నివాసానికి కిరాయికి ఇచ్చాను. దానికి అదనంగా, వారు ______ అనే పేరుతో చీరల ఆన్‌లైన్ అమ్మకం, నిల్వ, ప్యాకింగ్ కోసం ఈ ఫ్లాట్‌ను వాడుకోవడానికి, దీన్ని వ్యాపారపు ప్రధాన స్థలంగా చూపి జీఎస్టీ నమోదు పొందడానికి నాకు ఎలాంటి అభ్యంతరం లేదు. ఈ అనుమతి 2026 ఏప్రిల్ 30 వరకు, ఒప్పందం పొడిగిస్తే ఆ కాలానికి కూడా ఉంటుంది. అనుమతి వెనక్కి తీసుకోవాలంటే 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేస్తాను. ఈ పత్రం వల్ల ఫ్లాట్ మీద కిరాయిదారుకు ఎలాంటి హక్కు గానీ వాటా గానీ కలగదు. తలుపు పక్కన ఒక చిన్న పేరు బోర్డు తప్ప బయటి గోడకు, గేటుకు బోర్డులు పెట్టరాదు.

మా అత్తమ్మ కరెంటు బిల్లు, ఆధార్ కాపీ చేతిలో పట్టుకుంది, నేను పత్రం గట్టిగా చదివాను. ఒక్కొక్క అంకె దగ్గర ఆగి ఆమె "ఆఁ" అన్నాకే ముందుకు పోయాను. యూఎస్‌సీ నంబర్‌లో రెండు అంకెలు అటూ ఇటూ పడ్డాయి, అప్పుడు దొరికింది.

లెక్కల_సత్తయ్య · 7 ఆగస్టు, రాత్రి 9:45

బాగుంది. ఒక్కటి మిగిలింది. ఫ్లాట్ నంబర్ రాశావు, ఇంటి నంబర్ రాయలేదు. అపార్ట్‌మెంట్లలో కరెంటు బిల్లు మీద ఒక్కోసారి బిల్డర్ కాలం నాటి ప్లాట్ నంబరే ఉంటుంది, ఇంటి పన్ను రసీదు మీద కొత్త ఇంటి నంబర్ ఉంటుంది. నీ రెండు కాగితాల మీద ఏముందో చూడు. తేడా ఉంటే "కరెంటు బిల్లులో ఫలానా అని ఉన్న, ఇంటి పన్ను రసీదులో ఫలానా అని ఉన్న ఫ్లాట్ ఒక్కటే" అని మొదటి వాక్యంలోనే చేర్చు. పోర్టల్‌లో ఇంటి పన్ను రసీదులో ఉన్నట్టు కొట్టు.

పద్మజ_పాలమూరు · 7 ఆగస్టు, రాత్రి 10:05

చూశాను సార్. బిల్లులో ప్లాట్ నంబరే ఉంది. చేరుస్తున్నా. సొసైటీ వాళ్లు 304 అని మార్చిన లెటర్ సోమవారం ఇస్తామన్నారు. దాన్ని ఎక్కించాలా, ఇంట్లో పెట్టుకోవాలా అనేది మా అకౌంటెంట్‌ను అడిగి ఇక్కడ రాస్తాను.